మాట లేకుండా వచ్చిన బొమ్మ

ఫోన్‌లో ఒక బొమ్మ ఫొటో వచ్చింది. వేసింది చేయి తిరిగిన చిత్రకారులు కాదు, ఈమధ్యే రంగులు పట్టిన బంధువో పాత సహోద్యోగో. ఫొటో కింద ఒక్క ముక్క లేదు. బాగుందా అని అడగలేదు, తప్పులుంటే చెప్పమనలేదు, ఇంకా పూర్తి కాలేదనీ అనలేదు. చూసినవాళ్లు నాలుగు రకాలుగా జవాబు ఇవ్వొచ్చు. లోపాలు ఎత్తి చూపొచ్చు. బొమ్మలో కనిపించిందేమిటో చెప్పొచ్చు. ఫలానా చోట ఇలా వేస్తే బాగుంటుందని మెలకువ నేర్పొచ్చు. లేదా నాలుగు మంచి మాటలు చెప్పి ఉత్సాహపరచొచ్చు. సాధారణంగా బొమ్మలు వేయడం రానివాళ్లు చివరిది ఎంచుకుంటారు. ‘సూపర్’ అని ఒక చప్పట్ల బొమ్మ పెడతారు. వేయడం వచ్చినవాళ్లకి చేయి ఊరుకోదు, మొదటిదో మూడోదో ఎంచుకుంటారు. నేను పెద్దవాళ్లకి నీటిరంగులు నేర్పుతుంటాను. నా దృష్టిలో ముందుగా ఇవ్వాల్సిన జవాబు రెండోది. కనిపించింది కనిపించినట్టు చెప్పడం. మిగతా మూడింటిలో ఏది అవసరమో దాన్నుంచే తెలుస్తుంది.

లోపాలతో మొదలుపెడితే ఏమవుతుందో చెప్పే ఒక పాత ఉదంతం ఉంది. 1885 వసంతంలో విన్సెంట్ వాన్ గో నెదర్లాండ్స్‌లోని న్యూనెన్ అనే పల్లెలో ఉండేవాడు. దీపం వెలుగులో ఒక రైతు కుటుంబం బంగాళాదుంపలు తింటున్న దృశ్యం మీద పనిచేస్తున్నాడు. ఆ శీతాకాలమంతా రైతుల ముఖాలూ చేతులూ వేస్తూ గడిపాడు. అదే దృశ్యాన్ని ఒక లిథోగ్రాఫ్‌గా, అంటే రాతి మీద గీసి కాగితం మీద అచ్చు తీసే పద్ధతిలో చేసి, ప్రతుల్ని తమ్ముడు థియోకీ మిత్రుడు ఆంటోన్ వాన్ రాపార్డ్‌కీ పంపాడు. రాపార్డ్ కూడా చిత్రకారుడే. బ్రస్సెల్స్‌లో పరిచయమైనప్పటి నుంచి ఇద్దరూ ఒకరి పని ఒకరికి చూపించుకుంటూ, ఉత్తరాలు రాసుకుంటూ ఉండేవాళ్లు. ఈసారి రాపార్డ్ రాసిన జవాబు నిండా తప్పులే. కుడివైపు మనిషికి మోకాలు లేదు, పొట్ట లేదు, చేయి పొట్టిగా ఉంది, వెనకున్న స్త్రీ చేతిలో సహజత్వం లేదు. ఇలాంటి పనిని నువ్వు నిజంగా మనసుపెట్టి చేశానంటావా అన్నది ఆ ఉత్తరం సారాంశం. వాన్ గో ఆ ఉత్తరాన్ని మడిచి, రెండు మూడు మాటలు జోడించి, తిరిగి రాపార్డ్‌కే పంపేశాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా కొన్ని ఉత్తరాలు నడిచాయి కానీ స్నేహం నిలవలేదు. ఆ ఏడాదే తెగిపోయింది.

రాపార్డ్ చూపిన తప్పులు పూర్తిగా ఊహించినవి కావు. ఆ లిథోగ్రాఫ్‌ని జ్ఞాపకం మీద ఒక్కరోజులో చేశానని వాన్ గో తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. రాపార్డ్ చూసింది అసలు తైలవర్ణ చిత్రం కాదు. రాతి మీద గీసింది కాగితం మీదికి వచ్చేసరికి కుడి ఎడమలు తారుమారై, రంగులు పోయి, నలుపు మాత్రం మిగిలిన ఒక అచ్చు. దాన్ని చూసి మొత్తం పని మీద తీర్పు చెప్పాడు. అది ఎందుకు పంపాడు, ఏ దశలో ఉంది, దేనికోసం తంటాలు పడుతున్నాడు అన్నవి అడగలేదు. అసలు చిత్రం ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది.

మన ఫోన్‌లోకి వచ్చే ఫొటో కూడా అసలు బొమ్మ కాదు. నీటిరంగుల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. రాత్రి పసుపు బల్బు కింద తీస్తే ఆకాశంలోని నీలం ఆకుపచ్చలోకి దిగిపోతుంది. తెల్లకాగితం ఎక్కువ భాగం ఖాళీగా ఉన్న బొమ్మని ఫోన్ కెమెరా ‘ఇక్కడ వెలుతురు ఎక్కువైంది’ అనుకుని చీకటి చేస్తుంది. తెలుపంతా బూడిదరంగులోకి మారి బొమ్మ మకిలిపట్టినట్టు కనిపిస్తుంది. ముదురు రంగులు ఎక్కువున్న బొమ్మని అదే కెమెరా వెలుగు పెంచి, పాలిపోయేలా చేస్తుంది. ఫోన్‌ని మరీ దగ్గర పెట్టి తీస్తే తిన్నని గీతలు అంచుల దగ్గర వంగుతాయి. పక్కకి వంచి తీస్తే ఒక వైపు పెద్దదై, మరో వైపు కుంచించుకుపోతుంది. పంపేటప్పుడు ఫొటో కుదించుకుపోవడం వల్ల సన్నని పొరల్లోని తేడాలు సగం పోతాయి.

కాబట్టి బొమ్మని చూసే ముందు దాని అంచు చూడాలి. చుట్టూ వదిలిన తెల్లకాగితమో, మాస్కింగ్ టేప్ తీసిన తర్వాత మిగిలిన తెల్లని పట్టీయో కనిపిస్తే పని తేలిక. ఆ తెలుపు పసుపుగా ఉంటే బొమ్మంతా అంత పసుపు ఎక్కిందని అర్థం. ఆ తెలుపు బూడిదరంగులో ఉంటే కెమెరా చీకటి చేసిందని అర్థం. కాగితం అంచు కూడా వంపు తిరిగి ఉంటే బొమ్మలోని ఇంటి గోడ వంపు వేసినవాళ్ల చేతిది కాకపోవచ్చు. వీటిలో ఏది అనుమానంగా ఉన్నా రంగుల గురించీ గీతల గురించీ మాట్లాడకపోవడమే మంచిది.

అదే ఫొటోలో ఇంకొన్ని ఆనవాళ్లు ఉంటాయి. పెన్సిల్ గీతలు ఇంకా కనిపిస్తూ, టేప్ అలాగే ఉండి, పక్కన బ్రష్షులూ నీళ్ల డబ్బా కనిపిస్తుంటే పని మధ్యలో ఉంది. ఇప్పుడు చెప్పిన మాట ఈ బొమ్మలోకే వెళ్లగలదు. కింద మూల సంతకం, తేదీ ఉంటే అది అయిపోయిన పని. ఫ్రేములో ఉంటే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. చూసి వేసిన మూలఫొటోని కూడా జతచేసి పంపారంటే వాళ్ల మనసులో పోలిక ఉంది, ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలని ఉంది. మాట రాయకపోయినా ఇవన్నీ ఒక రకమైన మాటలే, కాస్త ఆగి చూస్తే వినిపిస్తాయి.

ఒక బొమ్మని తీసుకుని చూద్దాం. మా పిన్ని రాజమండ్రిలో ఉంటుంది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నీటిరంగులు మొదలుపెట్టింది. ఒకరోజు గోదావరి బొమ్మ పంపింది. సాయంత్రపు ఆకాశం, దూరంగా ఆర్చ్ బ్రిడ్జి కమానులు మూడు, ముందు ఒక నాటుపడవ. మామూలు డ్రాయింగ్ షీట్ మీద వేసింది. తడికి కాగితం అక్కడక్కడా ఉబ్బింది. సంతకం లేదు, టేప్ లేదు, మూలఫొటో లేదు. అంచు కొద్దిగా పసుపుగా ఉంది, అంటే రాత్రి దీపం కింద తీసింది. అందుకే నారింజ ఎంత నారింజో నేను నమ్మలేను. కానీ పడవకీ కమానులకీ మధ్య వెలుగునీడల తేడా ఉందా లేదా అన్నది పసుపు వెలుతురులోనూ తెలిసిపోతుంది. కళ్లు సగం మూసి చూశాను. తర్వాత ఫోన్‌లోనే ఫొటోని నలుపు తెలుపులోకి మార్చి చూశాను. పడవా కమానులూ రెండూ ఒకే నలుపు. ఆకాశం మాత్రం చాలా బాగా కుదిరింది. కింద నారింజ పైకి వెళ్తూ ఊదాలోకి కలిసిపోయిన చోట అతుకు లేదు. కుడి మూలలో మాత్రం అంచులు కరుకుగా, రంపంలా ఉన్న ఒక మరక. పడవ ప్రతిబింబం నిట్టనిలువుగా కిందికి దిగకుండా కొంచెం పక్కకి వాలింది.

ఇవన్నీ నాకు కనిపించాయి. ఇవన్నీ చెప్పాలా? చెబితే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది, పిన్ని ఇంకెప్పుడూ బొమ్మ పంపదు. అద్భుతం అంటే పిన్నికి దాంతో చేసుకునేది ఏమీ ఉండదు. ఏది అద్భుతమో తెలియదు, మళ్లీ ఎలా తెప్పించాలో తెలియదు. నేను రాసింది ఇది:

“పిన్నీ, ఆకాశంలో నారింజరంగు ఊదాలోకి కలిసినచోట ఎక్కడా గీత కనపడట్లేదు. కాగితం తడిగా ఉండగానే రెండో రంగు వేశావా? చూడగానే నా కళ్లు ముందు పడవ మీదికి వెళ్లాయి, ఆ వెంటనే కమానుల మీదికి. రెండూ ఒకేంత దగ్గరగా ఉన్నట్టున్నాయి. వేస్తున్నప్పుడు నీకేది కష్టమైంది?”

ఇందులో మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు, తప్పు అన్న మాటా లేదు. ఆకాశం గురించి రాసింది మెచ్చుకోలే. ‘బాగుంది’ అనే బదులు బాగుండటానికి కారణమేదో చెప్పింది, అంతే. తడి కాగితం మీద తడి రంగు వేయడం అనుకోకుండా జరిగి ఉంటే, అది ఒక పద్ధతి అని పిన్నికి ఇప్పుడు తెలుస్తుంది. కమానులూ పడవా ఒకేంత దగ్గరగా ఉన్నట్టున్నాయని చెప్పడం తీర్పు కాదు, నా కంటికి జరిగింది చెప్పడం. ఒకవేళ పిన్ని కావాలనే కమానుల్ని ముందుకు తెచ్చి ఉంటే తను అనుకున్నది కుదిరిందని సంతోషిస్తుంది. కాకపోతే తనే చెబుతుంది. చివరి ప్రశ్నకి బాగుందనో లేదనో జవాబు చెప్పడం కుదరదు. వేసిన మనిషి తన పని గురించి మాట్లాడాల్సి వస్తుంది.

పిన్ని జవాబు వెంటనే వచ్చింది. “ఆకాశం దానంతటదే వచ్చేసింది నాన్నా. ఆ వంతెనే నా మాట వినలేదు. దూరంగా పెడదామనుకుంటే మీదికొచ్చి కూర్చుంది. ఏం చెయ్యాలి దాన్ని?”

మూడో దారి ఇక్కడ తెరుచుకుంది. అడిగింది వంతెన గురించి, కాబట్టి వంతెన గురించే చెప్పాలి. మరక గురించీ ప్రతిబింబం గురించీ ఇప్పటికీ నోరు విప్పకూడదు. ఏ రంగు వాడావని అడిగితే, ట్యూబులోని నలుపు రెంటికీ వాడానంది. కారణం దొరికింది. దూరంలో ఉన్నదానికీ మన కంటికీ మధ్య గాలి, తేమ, దుమ్ము ఉంటాయి. నది మీద సాయంత్రం పూట ఇంకా ఎక్కువ. అందుకే దూరపు వస్తువు ముదురుతనం తగ్గి, చుట్టూ ఉన్న ఆకాశపు రంగు పులుముకుని కనిపిస్తుంది. ట్యూబు నలుపులో ఆకాశం లేదు.

పిన్నికి చెప్పిన మెలకువ ఒక్కటే. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, ఈ రెండూ కలుపు. నీళ్లు బాగా పోసి పలచగా చేస్తే పొగమంచులాంటి బూడిదరంగు వస్తుంది. నీలం కొంచెం ఎక్కువ వేస్తే దూరపు కమానులకి సరిపోతుంది. అదే రెండు రంగుల్ని నీళ్లు లేకుండా చిక్కగా కలిపితే దాదాపు నలుపు వస్తుంది. అది పడవకి. నీటిరంగులు నేర్పేవాళ్లు ఈ చిక్కదనాన్ని టీ, పాలు, మీగడ అంటూ కొలుస్తారు. కమానులు టీ అంత పలచన, పడవ మీగడ అంత చిక్కన. రెంటిలోనూ ఉన్నవి అవే రంగులు కాబట్టి బొమ్మలో అతకనట్టు ఉండదు.

బొమ్మ మీద కాకుండా ముందు ఒక కాగితపు ముక్క మీద ప్రయత్నించమన్నాను. దానికో కారణం ఉంది. నీటిరంగు తడిగా ఉన్నప్పుడు ఎంత ముదురుగా కనిపిస్తుందో ఆరాక అంత ఉండదు, ఒక మెట్టు తేలికపడుతుంది. కొత్తవాళ్లు తడిలో చూసి చాలనుకుంటారు, ఆరాక పాలిపోతుంది, దాంతో పైన ఇంకో పొర, ఇంకో పొర వేస్తారు. పొరలు ఎక్కువయ్యేకొద్దీ కింద రంగు కరిగి, పైదానితో కలిసి బురదగా మారుతుంది. అందుకే పట్టీగా కత్తిరించిన కాగితం మీద పలచన నుంచి చిక్కన దాకా ఐదు చుక్కలు పక్కపక్కన వేసి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు దేన్ని ఎక్కడ వాడాలో చూసుకోవాలి. ఫోన్‌లో నలుపు తెలుపు చేసి చూస్తే కమానుల చుక్కకీ పడవ చుక్కకీ మధ్య తేడా స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే ఇంకా పలచన చేయాలి.

ఆకాశం మూల మరక గురించి ఎందుకు చెప్పలేదో కూడా వివరించాలి. సగం ఆరిన రంగు మీద నీళ్లు ఎక్కువున్న బ్రష్ తగిలితే, ఆ నీరు రంగు రేణువుల్ని తోసుకుంటూ పోయి అంచుల దగ్గర వదిలేస్తుంది. అలా ఏర్పడేదే ఆ కరుకు అంచుల మరక. అది కావాలని చేసేవాళ్లూ ఉన్నారు, మేఘమనుకుని సంతోషించేవాళ్లూ ఉన్నారు. పిన్నికి అది మచ్చగా కనిపించిందో మేఘంగా కనిపించిందో నాకు తెలియదు. ఇంకో సంగతి, డ్రాయింగ్ షీట్ మీద దాన్ని సరిచేయడం కుదరదు. మందపాటి నూలు కాగితం అయితే తడి బ్రష్‌తో మెల్లగా రుద్ది కొంత రంగు ఎత్తొచ్చు. పలచటి షీట్ మీద అలా రుద్దితే పైపొర నలిగి పీచు లేస్తుంది. సరిచేసుకోలేని తప్పుని, అడగకుండా, వేసినవాళ్లకి చూపించడం వల్ల వాళ్లకి వచ్చేది ఏమీ లేదు.

ఏ సలహా ఎప్పుడు పనికొస్తుందనేది సగం రంగుల స్వభావమే నిర్ణయిస్తుంది. నీటిరంగుల్లో తేలిక నుంచి ముదురుకి వెళ్తాం. ముదురు ఎప్పుడైనా చేర్చొచ్చు కానీ కప్పేసిన తెల్లకాగితాన్ని మళ్లీ తేవడం దాదాపు అసాధ్యం. కాబట్టి బొమ్మలో పడవ ఎక్కడుండాలి, నీటిగట్టు ఎంత ఎత్తులో ఉండాలి అనేవి పెన్సిల్ దశలో పంపితేనే చెప్పాలి. మొదటి రంగుపొరలు వేశాక పంపితే ఎక్కడ తెలుపు వదలాలో చెప్పొచ్చు. అంతా అయ్యాక పంపితే చెప్పగలిగింది ఒక్కటే, ఎక్కడైనా ఇంకొంచెం ముదురు కావాలా అని. పడవ అడుగున నీళ్లని తాకేచోట ఒక సన్నని ముదురు గీత చాలాసార్లు బొమ్మని నిలబెడుతుంది. మిగతావన్నీ తర్వాతి బొమ్మకి దాచుకోవాలి. తైలవర్ణాల్లో ఈ లెక్క వేరు. అక్కడ ముదురు మీద తెలుపు వేయొచ్చు, ఆరాక గీకి మళ్లీ వేయొచ్చు. అందుకని తైలవర్ణ చిత్రం పంపినవాళ్లకి అయిపోయాక చెప్పినా కొంత పనికొస్తుంది.

విమర్శ అసలు వద్దని నేననడం లేదు. అడిగినప్పుడు మొహమాటం లేకుండా చెప్పాలి. పోటీకి పంపుతున్నానన్నా, అమ్ముదామనుకుంటున్నానన్నా, ‘నిజం చెప్పు, ఏం తగ్గింది’ అన్నా అప్పుడు తప్పించుకోవడం వాళ్లని చిన్నచూపు చూడటమే. ఈ వరుసని పద్ధతిగా పెట్టినవాళ్లున్నారు. అమెరికన్ నృత్యదర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో కళాకారుల పని గురించి మాట్లాడుకోవడానికి నాలుగు మెట్ల విధానం ఒకటి తయారుచేశారు. ముందు చూసినవాళ్లు తమకి ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత కళాకారులు తమకున్న ప్రశ్నలు అడుగుతారు. తర్వాత చూసినవాళ్లు అభిప్రాయం కలపకుండా ప్రశ్నలు వేస్తారు. చివర్న, ‘ఫలానా విషయం మీద నాకో అభిప్రాయం ఉంది, వింటారా?’ అని అనుమతి తీసుకుని అప్పుడు చెబుతారు. వద్దనే హక్కు కళాకారులకి ఉంటుంది. నృత్యం కోసం పుట్టినా ఇది బొమ్మలకి చక్కగా సరిపోతుంది. ఇందులో నాకు బాగా నచ్చేది మూడో మెట్టు, ఎందుకంటే అదే అన్నిటికన్నా కష్టం. ‘వంతెనని ఎందుకంత నల్లగా వేశావు?’ అన్నది ప్రశ్నలా కనిపించే అభిప్రాయం. ‘వంతెన ఎంత దూరంలో ఉన్నట్టు కనపడాలనుకున్నావు?’ అన్నది ప్రశ్న. మొదటిదానికి సంజాయిషీ వస్తుంది. రెండోదానికి ఆలోచన వస్తుంది.

మెత్తగా ఉత్సాహపరచడం ఒక్కటే సరైన సందర్భాలు కూడా ఉన్నాయి. పోయిన మనిషి ముఖాన్ని ఫొటో చూసి వేసి పంపినప్పుడు కళ్ల మధ్య దూరం గురించి మాట్లాడకూడదు. ఆ మనిషి గురించి మాట్లాడాలి, నుదురూ చిరునవ్వూ ఎవరివో గుర్తుపట్టగలిగితే ఆ మాట చెప్పాలి. ఆసుపత్రిలో కాలక్షేపానికి వేసినవీ, పిల్లల పుట్టినరోజుకి ఇవ్వడానికి వేసినవీ అంతే. మన మాటతో అవి మారాల్సినవి కావు.

బొమ్మ గోడకెక్కుతోందని తెలిస్తే మాత్రం చెప్పాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. వేసిన చేతికి సంబంధించినవి కావు కాబట్టి వీటిని ఎవరూ తప్పుగా తీసుకోరు. మామూలు డ్రాయింగ్ షీట్‌లోని ఆమ్లం వల్ల కొన్నేళ్లకి కాగితం పసుపెక్కుతుంది. తర్వాతి బొమ్మకి ఆమ్లం లేని, చదరపు మీటరుకి 300 గ్రాముల నూలు కాగితం వాడితే తడికి ఉబ్బడం కూడా చాలావరకు తగ్గుతుంది. ఫ్రేము కట్టేటప్పుడు అద్దం బొమ్మని తాకకుండా మధ్యలో అట్ట మౌంట్ పెట్టించాలి, లేకపోతే వానాకాలం తేమకి రంగు అద్దానికి అంటుకోవచ్చు, బూజూ పట్టొచ్చు. చవక సెట్లలోని గులాబీ, ఊదా రంగులు ఎండకి త్వరగా వెలిసిపోతాయి. పిన్ని ఆకాశంలో ఉన్నవి ఆ రంగులే కాబట్టి, కిటికీ ఎదురుగోడ కాకుండా ఎండ పడని గోడ చూసుకోమన్నాను.